ఇంటిమీద ఒంటిగా నున్న పిచ్చుక: ఒంటరితనంపై ఒక ప్రసంగం ఎలా తయారైంది

నేను గుంటూరులో ఒక సంఘానికి కాపరిని. మా సంఘంలో భర్తను గానీ భార్యను గానీ పోగొట్టుకున్నవారు ముప్పై ఒక్కమంది ఉన్నారు. అందులో ఇరవై అయిదుగురు ఆడవాళ్లు, ఆరుగురు మగవాళ్లు. వారి కోసం ఒక శనివారం సాయంత్రం కూడిక పెట్టి, ఒంటరితనం గురించి కీర్తనల గ్రంథం ఆధారంగా మాట్లాడాను. పద్నాలుగు నిమిషాల ఆ ప్రసంగానికి తొమ్మిది రోజులు పట్టింది. మొదట రాసుకున్నది పూర్తిగా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇలాంటి ప్రసంగం తయారుచేసుకునే తోటి సేవకులకు పనికొస్తుందని ఆ క్రమమంతా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో కనిపించేవారి అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఇదంతా మొదలైంది అంతకు ఏడాది ముందు జరిగిన ఒక ఆదరణ కూడికలో. అక్కడ నేను 68వ కీర్తన ఆరో వచనం చదివాను: "దేవుడు ఏకాంగులను సంసారులుగా చేయువాడు." దేవుడు ఒంటరివారిని విడిచిపెట్టడని చెప్పాలని నా ఉద్దేశం. కూడిక అయ్యాక, భార్య పోయి నాలుగు నెలలైన ఒక పెద్దాయన గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. "అయ్యగారూ, ఈ వచనం మా పెళ్లి శుభలేఖ మీద మా నాన్న వేయించాడు. అప్పుడు నన్ను సంసారిని చేసినవాడే ఇప్పుడు మళ్లీ ఏకాంగిని చేశాడా?" అని అడిగారు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మన పెళ్లిళ్లలో ఈ వచనం ఎంతగా వాడతామో మీకు తెలుసు. శుభలేఖల మీద, వేదిక వెనక గుడ్డ మీద, వివాహ ప్రసంగాల్లో వినబడుతూనే ఉంటుంది. కాబట్టి మనం ఆదరణ మాటగా చదివినప్పుడు, ఎదుట కూర్చున్నవారి చెవిలో అది రెండు రకాలుగా పడవచ్చు. ఒకటి, ఆ పెద్దాయనకు వినబడినట్టు: ఇచ్చినది తీసేసుకున్నాడని. రెండోది, ముఖ్యంగా వయసులో ఉన్న ఆడవాళ్లకు: మళ్లీ పెళ్లి చేసుకొమ్మని పాస్టరుగారు సూచిస్తున్నారని. ఈ రెండో మాట నాకు తర్వాత ఒక చెల్లెలు చెబితే తెలిసింది. ఆమె ఆ రోజు తల దించుకుని కూర్చుందట.

అందుకే ఈ వచనాన్ని వదిలేయకుండా దాని లోపలికి వెళ్లాను. హెబ్రీలో అక్కడ ఉన్న మాటల అర్థం ఒంటివారిని ఇంట్లో నివసింపజేయువాడు అని. "ఏకాంగులు" అని మనం చదివే చోట ఉన్న మాట యహీద్‌కు బహువచనం. ఒక్కడు, ఒక్కగానొక్కడు అని అర్థం. ఆదికాండం 22లో అబ్రాహాముకు ఒక్కడే అయిన ఇస్సాకును గురించి వాడింది ఆ మాటే. 25వ కీర్తన పదహారో వచనంలో "నేను ఏకాకిని, బాధపడువాడను" అన్నచోట ఉన్నదీ అదే. ఇక "సంసారులుగా" అన్నచోట ఉన్నది ఇల్లు అనే మాట. బేతేలు, బేత్లెహేము పేర్లలో ఉన్న "బేత్" ఇదే. పెళ్లి అనే మాట ఆ వచనంలో ఎక్కడా లేదు. చుట్టూ ఎవరున్నారో చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అయిదో వచనంలో తండ్రిలేనివారు, విధవరాండ్రు ఉన్నారు. ఆరో వచనంలోనే ఆ మాట వెంటనే చెరలో ఉన్నవారు ఉన్నారు. ఇల్లు లేనివారి మధ్య, ఇల్లు చెదిరినవారి మధ్య కూర్చున్న వచనాన్ని మనం పెళ్లిపందిట్లోకి తెచ్చుకున్నాం. తెచ్చుకోవడం తప్పని నేను అనను. కానీ సొంతదారులు ఎవరో మరిచిపోయాం.

ఇంత తెలిశాక కూడా మొదటి ప్రసంగం పాడుచేశాను. దాన్ని యెషయా 54:5 చుట్టూ కట్టాను. నిన్ను సృష్టించినవాడే నీకు భర్త అని చెప్పే వచనం అది. విధవరాండ్ర కూడికల్లో ఎప్పుడూ వాడేదే. రాసుకున్నది మా సంఘంలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయినికి చదివి వినిపించాను. ఆమె భర్త పోయి పదకొండేళ్లయింది. పూర్తిగా విని ఇలా అన్నారు: "దేవుడు నాకు దేవుడుగా ఉంటే చాలు అయ్యగారూ. మా ఆయన కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టకండి. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందనే ముందు ఒప్పుకోండి."

ఆమె మాట విన్నాక ఇంకో లోపం కూడా కనబడింది. యెషయా ఆ మాట చెరకు వెళ్లి పాడుబడిన సీయోనుతో, ఒక జనాంగంతో చెబుతున్నాడు. ఒక వ్యక్తి ఇంట్లోని ఖాళీకి దాన్ని అతికించడం నా తొందర. పైగా ఎదుట కూర్చునే ఆరుగురు మగవాళ్లకు ఆ పోలికలో చోటే లేదు. అసలు వారికి మన భాషలోనే చోటు తక్కువ. విధురుడు అనే మాట నిఘంటువులో ఉంది గానీ ఎవరూ పలకరు. విధవ అనే మాట ఉంది గానీ దాన్ని తిట్టుగా మార్చి పలికినవాళ్లం మనమే. కాబట్టి లేఖనంలో ఉన్నచోట ఆ మాటను ఉన్నది ఉన్నట్టు చదివి, నా సొంత మాటల్లో మాత్రం ఎవరినీ ఆ పేరుతో పిలవకూడదని నియమం పెట్టుకున్నాను. "మీలో భర్త పోయినవారు, భార్య పోయినవారు" అని ఒక్కసారి చెప్పి, ఆ తర్వాత అంతా "మనం", "మీరు" అని నడిపాను.

రెండోసారి రాయబోయే ముందు బ్రాడీపేట నుంచి కొత్తపేట దాకా ఆరు ఇళ్లకు వెళ్లాను. ప్రార్థన చేసి వచ్చేయకుండా రెండే ప్రశ్నలు అడిగాను. రోజులో ఏ వేళ కష్టంగా ఉంటుంది? మా సంఘస్థులు అన్న మాటల్లో ఏది నొప్పించింది?

మొదటి ప్రశ్నకు ఆడవాళ్లు ఎక్కువగా చెప్పింది రాత్రి. పక్కింటి టీవీలు ఆగిపోయాక, గేటు తాళం ఒకటికి రెండుసార్లు చూసుకుని పడుకున్న తర్వాత వచ్చే వేళ. మగవాళ్లు చెప్పింది భోజనం వేళ. ఒకాయన కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్న కూర పొట్లం విప్పి, గిన్నెలో కూడా పోసుకోకుండా, నిలబడే తినేస్తారట. "కూర్చుంటే ఎదురుగా ఆవిడ లేదని తెలుస్తుంది" అన్నారు. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. "విశ్వాసులు ఏడవకూడదు" అన్నామట. అది థెస్సలొనీకయుల మొదటి పత్రిక నాలుగో అధ్యాయాన్ని సగం చదివి చెప్పే మాట. నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని పౌలు అన్నాడు, దుఃఖమే వద్దనలేదు. ఇంకొకామె, సొంత అక్క కూతురి పెళ్లిలో పెళ్లికూతురి పక్కన నిలబడితే మా సంఘ పెద్ద ఒకరు మెల్లగా వెనక్కి రమ్మన్నారని చెప్పింది. ఆ పెళ్లి చేయించింది నేనే. నేను చూడలేదు.

ఇళ్లల్లో విన్న మాటలు ప్రసంగంలోకి రాకూడదు. ఆ కర్రీ పాయింటు సంగతి నేను వేదిక మీద చెబితే, ఆరుగురిలో ఎవరో అందరూ గుర్తుపడతారు. కాబట్టి వారి మాటలకు బదులు, అదే బాధను చెప్పిన కీర్తన వెతకాలి. దొరికింది 102వ కీర్తన. దుఃఖంతో సొమ్మసిల్లినవాడు దేవుని సన్నిధిలో పెట్టుకున్న మొర అని దాని శీర్షికలోనే ఉంటుంది. నాలుగో వచనంలో అతడు భోజనం చేయడమే మరిచిపోతున్నానంటాడు. ఏడో వచనంలో "రాత్రి మెలకువగా నుండి యింటిమీద ఒంటిగా నున్న పిచ్చుకవలె నున్నాను" అంటాడు. నేను ఆరు ఇళ్లల్లో విన్న రెండు వేళలూ ఒకే కీర్తనలో, నాలుగు వచనాల లోపల ఉన్నాయి. ఎవరి ఇంటి గుట్టూ బయటపెట్టకుండా, అందరి ఇంటి సంగతీ లేఖనమే చెప్పింది.

88వ కీర్తన కూడా పరిశీలించాను. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసే కీర్తన అది. అంత నిజాయితీగల కీర్తన మరొకటి లేదని నా నమ్మకం. కానీ అది చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని చదివితే ఆ తర్వాత మనిషి పక్కన గంటసేపు కూర్చోవాలి, ముప్పై ఒక్కమందిని ఒకేసారి అక్కడ వదిలి రాలేను. దాన్ని ఇళ్ల సందర్శనకు ఉంచుకున్నాను.

అలా ప్రసంగానికి మూడు చోట్లు కుదిరాయి: ఇంటి కప్పు, భోజనపు బల్ల, ఇల్లు. కప్పు మీది పిచ్చుక 102లో. బల్ల 23లో. ఇల్లు 68లో. పై నుంచి కిందికి దిగి గుమ్మంలోకి వచ్చినట్టు ఆ వరుస ఉంటుంది. నేను పాయింట్లు చెప్పలేదు, వారిని ఆ మూడు చోట్లా కాసేపు కూర్చోబెట్టాను.

మొదటి భాగం ఇలా చెప్పాను: "పిచ్చుక ఒంటిగా ఉండే పక్షి కాదు. మన చూరు కింద గుంపుగా గోల చేసే పక్షి. అలాంటిది ఒక్కటే డాబా మీద, రాత్రిపూట, నిద్ర లేకుండా ఉందంటే దానికేదో జరిగింది. ఈ కీర్తన రాసినవాడు దానికి ధైర్యం చెప్పడు. విశ్వాసం లేదా అని అడగడు. నేను అలా ఉన్నాను ప్రభువా అంటాడు. ఈ మాట బైబిల్లో ఉంది. మీరు రాత్రి మెలకువగా ఉన్నప్పుడు మీకు కలిగేది బైబిలు బయట ఉన్న సంగతి కాదు." ఇక్కడ ఒక నిమిషం మౌనం పెట్టాను. వచనాన్ని రెండుసార్లు, నెమ్మదిగా, మైకు లేకుండా చదివి ఆగాను. ఆరో వచనంలో వచ్చే పగిడికంటె అనే మాట చాలామందికి తెలియదు. గుడ్లగూబ అని ముందే చెప్పేశాను, అర్థం కోసం వెతుక్కుంటూ వచనం నుంచి బయటికి పోకుండా.

రెండో భాగం 23వ కీర్తన. అందరికీ నోటికి వచ్చిన కీర్తన కాబట్టి అందులో సాధారణంగా గమనించని ఒక్క సంగతే చూపించాను. మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుని గురించి చెబుతుంటాడు: ఆయన పరుండజేయుచున్నాడు, ఆయన నడిపించుచున్నాడు. గాఢాంధకారపు లోయలోకి రాగానే "ఆయన" పోయి "నీవు" వస్తుంది: "నీవు నాకు తోడై యుందువు." పచ్చికలో దేవుని గురించి మాట్లాడినవాడు లోయలో దేవునితో మాట్లాడుతున్నాడు. మన అనువాదంలో "యుందువు" అని ఉండటం వల్ల ముందెప్పుడో తోడుంటాడన్నట్టు వినబడే అవకాశం ఉంది. మూలంలో అక్కడ క్రియే లేదు. నీవు నాతో, అంతే. లోయలో నడుస్తున్న ఈ పూటకే ఆ మాట.

తోడు అనే తెలుగు మాట దగ్గర కొంచెం ఆగాను. మనం భర్తను తోడు అంటాం, భార్యను తోడు అంటాం. "తోడు పోయింది" అంటే ఎవరు పోయారో ఎవరూ అడగరు. కానీ అదే మాటను చీకట్లో పక్కింటి పిల్లవాణ్ని వెంట పంపేటప్పుడు కూడా వాడతాం, "తోడు వెళ్లి రా" అని. కీర్తనలోని తోడు ఈ రెండోదని చెప్పాను. దేవుడు మీ ఆయన స్థానం తీసుకోవడానికి రావడం లేదు. మీరు నడవాల్సిన దారిలో పక్కన నడవడానికి వస్తున్నాడు. వెనక ఉపాధ్యాయినిగారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం కనబడింది.

ఆ తర్వాత అయిదో వచనంలోని భోజనం. 102లో తిండి మరిచిపోయినవాడికి 23లో బల్ల సిద్ధమవుతుంది. శత్రువుల ఎదుట సిద్ధపరచినట్టు అక్కడ ఉంది. శత్రువులు వెళ్లిపోలేదు, లోయ కూడా పూడిపోలేదు, అయినా కూర్చోమన్నారు. "ఈ రాత్రి కూర ఏదైనా సరే, గిన్నెలో పోసుకుని, కూర్చుని తినండి. కూర్చున్నాక ‘నీవు నాతో’ అని ఒక్క మాట అనండి. అదే ప్రార్థన" అన్నాను. నేను చెప్పిన ఆచరణ అంతటితో సరి. పొడవైన ఉపవాస ప్రార్థనలు, ఉదయం నాలుగింటి మెలకువలు ఇప్పటికే నిద్ర లేనివారికి చెప్పకూడదు.

మూడో భాగంలో 68:6ను, పైన చెప్పిన అర్థంతో, రెండే నిమిషాలు చెప్పాను. అందులో ఎక్కువ భాగం వెనక కూర్చున్న పది కుటుంబాలకు. వారిని నేనే పిలిచాను. "ఒంటివారిని ఇంట్లో నివసింపజేయువాడు అని లేఖనం చెబుతోంది. ఆ ఇల్లు ఆకాశంలో కట్టింది కాదు. అరండల్‌పేటలోనో నల్లపాడులోనో ఉన్న మీ ఇల్లే" అని వారివైపు తిరిగి చెప్పాను. పెళ్లిలో పక్కన నిలబడనివ్వని ఆచారం మన సంఘంలో ఇక ఉండదని, అది నా వల్ల జరిగిన తప్పు కూడా అని, అందరి ఎదుట క్షమాపణ అడిగాను. పెళ్లి పేరు, మనిషి పేరు చెప్పలేదు.

ఇక జరిగిన పొరపాట్లు. మౌనంలో ఒకామె బిగ్గరగా ఏడ్చింది. ఇది నేను ఊహించినదే. ఇద్దరు సహోదరీలను ముందే సిద్ధం చేశాను, పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, ఊరుకోబెట్టకండి అని. కానీ వారికంటే ముందు మూడోవారు పరుగెత్తి వెళ్లి "ఊరుకో, ఊరుకో" అని ఆమెను బయటికి తీసుకుపోయారు. ఈ మాట ఇద్దరికి చెబితే చాలదు, కూడిక మొదట్లోనే అందరికీ చెప్పాలి: ఇక్కడ ఎవరైనా ఏడిస్తే ఏడవనివ్వండి.

రెండోది 23వ కీర్తనకు సంబంధించింది. అందరూ నాతో కలిసి చెబుతుండగా ముందు వరుసలో ఇద్దరి పెదవులు కదలడం ఆగిపోయింది. తర్వాత అడిగితే, ఆ కీర్తన చివరిసారి విన్నది సమాధి దగ్గర, మట్టి వేస్తుండగా అన్నారు. కాపరులం ఈ కీర్తనను భూస్థాపనలో ఎన్నిసార్లు చదువుతామో లెక్కే లేదు. కాబట్టి ఇప్పుడు వారు చెప్పేలా చేయను, నేనే చదువుతాను, అదీ "సమాధి దగ్గర విన్న కీర్తనే ఇది, తెలుసు" అని ముందు చెప్పి. మూడు నెలల తర్వాత విజయవాడలో ఒక సంఘంలో ఇదే ప్రసంగం చేసినప్పుడు ఈ ఒక్క వాక్యం కలిపాను. వింటున్నవారు పైకి చూశారు.

మూడోది అన్నిటికంటే నొప్పించింది. ఇల్లు గురించి అంత గట్టిగా చెప్పాక, నేను వారం వారం వస్తానని ఇద్దరు అర్థం చేసుకున్నారు. రాలేకపోయాను. ఒంటరివారికి ఇచ్చిన మాట తప్పడం మామూలు మాట తప్పడం కాదు. రెండోసారి నుంచి ఎవరు, ఏ రోజు, ఎన్నిసార్లు అన్నది స్పష్టంగా చెబుతున్నాను. పది కుటుంబాల్లో ఏడు నిలబడ్డాయి. నెలకు ఒక ఆదివారం, ఆరాధన తర్వాత, తమ ఇంట్లో ఒక్కరికో ఇద్దరికో భోజనం. పిలిచేవారికి ఒకే షరతు పెట్టాను: చనిపోయినవారి పేరు ఎత్తడానికి భయపడవద్దు. మూడు కుటుంబాలు రెండు నెలలకే మానేశాయి. ఒక ఇంట్లో కోడలికి కష్టమైంది, మిగిలిన ఇద్దరూ ఊరు మారారు.

ప్రసంగం చేయలేని పని కూడా ఒకటి ఉంది. కూడిక తర్వాత ఒకరు "ఆవిడ దగ్గరికి వెళ్లిపోవాలనుంది" అన్నారు. ఇలా అనేవారు చాలామందే ఉంటారు, ఎక్కువసార్లు అది కేవలం బెంగ. కానీ అది బెంగేనని మనకు మనం అనుకుని వదిలేయకూడదు. పక్కకు తీసుకెళ్లి సూటిగా అడిగాను: ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తోందా, ఎలా చేయాలో అనుకున్నారా అని. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అనుకున్నానని చెబితే ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు, ఇంట్లోవారికి చెప్పి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాలి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో మాట్లాడేవారు ఉంటారు. వారాల తరబడి నిద్ర, తిండి పూర్తిగా పోయినా, స్నానం మానేసినా, మందులు వేసుకోవడం ఆపినా అదే దారి. ఆ రోజు ఆయన అలాంటిదేమీ లేదన్నారు. అయినా మర్నాడూ, నాలుగో రోజూ వెళ్లాను.

శుభలేఖ గురించి అడిగిన పెద్దాయన ఆ ఏడు ఇళ్లల్లో ఒకదానికి వెళ్తున్నారు. గత నెల అదే ఇంటికి నన్నూ పిలిచారు, ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. "ఇల్లు అని మీరు చెప్పింది బాగుంది అయ్యగారూ. కానీ నేను అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. మళ్లీ ఏకాంగిని ఎవరు చేశారు?" అన్నారు.

"రాలేదు తాతగారూ. నాకు తెలియదు" అన్నాను.

ఆయన కాసేపు నన్ను చూసి, పప్పు గిన్నె నా వైపు జరిపారు.